ధర కట్టడం, 5వ పాఠం: రెండు ధరల పరీక్ష మళ్లీ మొదటికి

పోయిన పాఠంలో కరివేపాకు పొడి పావుకిలో ప్యాకెట్టును సగం మందికి 120కి, మిగతా సగానికి 140కి చెప్పి చూడమన్నాను. మీరు పంపిన లెక్కల్లో చాలావాటితో ఏ నిర్ణయానికీ రాలేం. కూడికలు బాగానే ఉన్నాయి, చిక్కంతా మెసేజ్‌లో ఉంది. అందుకే కొత్త పాఠం పక్కనపెట్టి ఇదే మళ్లీ చేద్దాం.

140 జాబితాకు అందరూ "పావుకిలో 140" అనే పంపారు. 120 జాబితాకు మాత్రం 140ని కొట్టేసి, పక్కన "మీకోసం 120" అని రాశారు. ఆర్డర్లు ఎగబడ్డాయి, ఎగబడవా మరి! వాళ్లు చూసింది 120ని కాదు, తగ్గిన 20ని. రేపు మామూలు ధరే 120 చేస్తే కొట్టేసిన 140 కనబడదు, ఆ ఆత్రమూ ఉండదు. మీరు కొలిచింది తగ్గింపు మోజు. "ఈ రెండు రోజులే" అని తగిలించినా, ఒక జాబితాకే "డెలివరీ ఉచితం" అని రాసినా ఇదే గతి. రెండు మెసేజ్‌లలో అంకె ఒక్కటే మారాలి. ఫొటో, మాటలు, పంపే వేళ అన్నీ ఒకటే. 120 వాళ్లకు 140 అనే అంకె ఎక్కడా కనబడకూడదు.

మరి ఎమ్మార్పీ మాటేమిటని కొందరు అడిగారు. 140 అని ముద్రించండి. దానికి మించి అమ్మకూడదు గానీ తక్కువకు అమ్మొచ్చు. ప్యాకెట్టు చేతికొచ్చేది ఆర్డరిచ్చాకే కాబట్టి మొదటి ఆర్డరు మీద ఆ ముద్ర ప్రభావం ఉండదు. రెండో ఆర్డరు మీద ఉంటుంది, కనుక మొదటిదే లెక్కపెట్టండి.

జాబితాలు విడదీయడానికి ఫోన్ నంబరు చివరి అంకె చాలు: సరి అయితే ఒకటి, బేసి అయితే రెండోది. ఒకే ఇంట్లో రెండు నంబర్లుంటే రెండూ ఒకే జాబితాలో వేయండి. పాతవాళ్లకు 120, కొత్తవాళ్లకు 140 అనడం, లేదా ఈ వారం ఒక ధర, వచ్చే వారం ఒకటి అనడం వద్దు. జీతాలు పడే వారం ఏ ధరకైనా కొంటారు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, కాబట్టి రెండు టిక్కులు పడ్డవాళ్లనే మొత్తంగా తీసుకోండి. ప్యాకెట్లను కాక మనుషులను లెక్కపెట్టండి. పెళ్లికని ఒకావిడ ఇరవై ప్యాకెట్లు చెబితే పరీక్ష మునిగిపోతుంది. 140 ఇచ్చినవాళ్లకు సంగతి తెలిసి అడిగితే 20 వెనక్కిచ్చేయండి, లెక్కలో మాత్రం 140కి కొన్నట్టే ఉంచండి.

ఇప్పుడొక లెక్క. జాబితాకు 120 మంది. 120 ధరకు 30 మంది, 140కి 24 మంది కొన్నారనుకుందాం. కొన్నవాళ్ల తేడా 6, సగటు 27, అంటే 22 శాతం తగ్గుదల. ధర తేడా 20, సగటు 130, అంటే 15 శాతం పెరుగుదల. 22.2ని 15.4తో భాగిస్తే సుమారు 1.4. ఇంటర్ పుస్తకాల్లో డిమాండ్ వ్యాకోచత్వం అనేది ఇదే. 1 దాటింది కాబట్టి ధర పెంచితే వచ్చే డబ్బు తగ్గుతుంది: 3,600 కాస్తా 3,360 అయింది. కానీ ప్యాకెట్టుకు 80 ఖర్చయితే మిగిలేది 1,200 నుంచి 1,440కి పెరిగింది. నేనైతే మిగిలేదే చూస్తాను.

అయితే ఆ 6 నిజమైన తేడాయేనా? కొన్నవాళ్లందరినీ కూడండి: 54. దాని వర్గమూలం 7.3, రెట్టింపు సుమారు 15. ఇదే మన గీత. తేడా అంతకన్నా తక్కువైతే అది కాకతాళీయం కావచ్చు. మన 6 అలాంటిదే. కాబట్టి 1.4 అనే అంకెను ఇంకా నమ్మకండి. ఇదే నిష్పత్తి నిలిచి, జాబితాకు 720 మంది ఉంటే 180, 144 వస్తాయి. తేడా 36, మొత్తం 324, వర్గమూలం 18, రెట్టింపు కూడా 36. అప్పుడు గానీ గీత దగ్గరికి చేరం.

అంతమంది లేనివాళ్లు ధరల మధ్య దూరం పెంచాలి. 120, 160 పెట్టండి (ఎమ్మార్పీ కూడా 160 చేయాలి, మరచిపోకండి). 160కి 15 మందే కొంటే తేడా 15, మొత్తం 45, రెట్టింపు 13.4. గీత దాటింది. మిగిలేది మాత్రం మళ్లీ 1,200 దగ్గరే ఆగింది. అలా వస్తే, మంచి ధర ఈ రెంటి మధ్యలో ఉండొచ్చు.

అభ్యాసం: మీ సరుకు ఖర్చు వేసుకుని, పై ధరకు కనీసం ఎంతమంది కొంటే మిగిలేది కింది ధరకన్నా తగ్గదో మెసేజ్ పంపకముందే కాగితం మీద రాయండి. మన ఉదాహరణలో 120కి 30 మంది కొంటారనుకుంటే, 140కి అది 20 మంది. పంపాక మూడో రోజు రాత్రి లెక్క మూసేయండి. రెండు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, టిక్కుల లెక్క, కొన్నవాళ్ల లెక్క, ముందు రాసుకున్న ఆ అంకె నాకు పంపండి. స్క్రీన్‌షాట్లు లేని లెక్కలు ఈసారి చూడను.