వీణ పికప్ బఫర్‌లో కింది సగం తెగిపోతుంటే

చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్న 2N5457 జేఫెట్‌తో వీణ పియెజో పికప్‌కి 9 వోల్టుల సోర్స్ ఫాలోయర్ కట్టాను. గట్టిగా మీటితే స్కోప్‌లో వేవ్ కింది సగం చదునుగా తెగేది.

డేటాషీట్ ప్రకారం ఈ నంబర్‌కి IDSS 1 నుంచి 5 మిల్లీఆంప్స్ దాకా, పించ్-ఆఫ్ 0.5 నుంచి 6 వోల్టుల దాకా ఎంతైనా ఉండొచ్చు. అందుకే చేతిలో ఉన్న పీస్‌నే కొలవాలి. గేట్‌ని సోర్స్‌కి కలిపి, డ్రెయిన్ దారిలో మీటర్ పెడితే IDSS 4 మిల్లీఆంప్స్ చూపింది. గేట్ గ్రౌండ్‌కి, సోర్స్ కింద 1 మెగ్ పెడితే సోర్స్ దగ్గర దాదాపు 2 వోల్టులు, అదే పించ్-ఆఫ్, అంటే VP.

```
ID = IDSS × (1 − VGS/VP)²
```

VGSని VPలో సగం పెడితే కరెంట్ IDSSలో నాలుగో వంతు, అంటే 1 మిల్లీఆంప్. 1 వోల్ట్ రావాలి కాబట్టి సోర్స్ రెసిస్టర్ 1కె. లెక్క సరైనదే, కానీ సోర్స్ 1 వోల్ట్ మీదే కూర్చుంటే కిందికి దిగడానికి అంతే చోటు.

ఆ 1కె కింద 3.3కె చేర్చి, 1 మెగ్ గేట్ రెసిస్టర్‌ని గ్రౌండ్‌కి కాకుండా ఆ రెండిటి మధ్యకి కలిపాను. గేట్ 3.3కి, సోర్స్ 4.3 వోల్టులకి లేచాయి. VGS మాత్రం మారలేదు. డ్రెయిన్-సోర్స్ మధ్య 4.7 మిగిలింది, సాచురేషన్‌కి ఇక్కడ 1 వోల్ట్ చాలు. పైగా సిగ్నల్ ఆ జాయింట్‌ని కూడా ఊపుతుంది కాబట్టి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ సుమారు 3 మెగ్‌కి పెరుగుతుంది, పియెజోకి ఇదే అసలు లాభం. గేట్ మీద ఇప్పుడు డీసీ ఉంది, ఇన్‌పుట్ కెపాసిటర్ తప్పనిసరి. 22 నానో సరిపోయింది.