తోటివాళ్లకంటే ముందే ఎదిగిన పాపతో కౌన్సెలర్ ఎలా మాట్లాడాలి?

ఆరో తరగతి పాప, పదకొండేళ్లు. పెద్దమనిషై ఏడాది దాటింది. ఏప్రిల్ ఎండలోనూ స్వెటర్ విప్పదు. ఆటల పీరియడ్ రాగానే కడుపునొప్పి అంటుంది. కౌన్సెలర్ దగ్గరికి పంపుతూ టీచర్ చెప్పేది మాత్రం ‘చదువు మీద ధ్యాస లేదండీ’ అనే. ఇది ఏ ఒక్క పిల్ల కథా కాదు, ఇలాంటి చాలామందిని కలిపి చెబుతున్నది.

1. ఒంటి మాట మీరు ఎత్తకండి. ‘నువ్వు చక్కగా ఉన్నావు కదమ్మా’ అని అసలే అనొద్దు. మెచ్చుకున్నా సరే, అది ఒంటికి మార్కులు వేయడమే. ‘ఆటల పీరియడ్‌లో ఏం జరుగుతుంది?’ అని అడిగి ఆగండి. ‘పరిగెడితే అందరూ చూస్తారు’ అన్న జవాబు రావడానికి ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది.

2. కాగితం మీద గీత గీయండి. ఒక కొసన 8, ఇంకో కొసన 13 రాయండి. ఆడపిల్లల్లో రొమ్ముల ఎదుగుదల సాధారణంగా ఈ వయసుల మధ్య మొదలవుతుంది. ఆ తర్వాత రెండు మూడేళ్లకు నెలసరి వస్తుంది. తను గీత మొదట్లో ఉంది, స్నేహితురాళ్లు ఇంకా వెనకాల వస్తున్నారు. తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరడం కూడా ఈ ఎదుగుదలలో భాగమేనని చెప్పండి. ఎనిమిదేళ్లు నిండకముందే మొదలైతే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించాలి.

3. రీల్స్ కలిసి చూడండి. అసలు పని ఇక్కడే ఉంది. ఫోను పాప చేతిలోనే ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌కి పదమూడేళ్లు నిండాలి కాబట్టి అకౌంటు చాలాసార్లు అమ్మదే అయి ఉంటుంది. దాని మీద కోప్పడితే సంభాషణ అక్కడితో సరి. ఒక్కో రీల్ దగ్గర ‘ఈ అమ్మాయికి ఎన్నేళ్లుంటాయి?’ అని అడగండి. పంతొమ్మిది, ఇరవై అంటుంది. క్లాసులో తనలాంటి ఒళ్లు ఎవరికీ కనబడక ఫోనులో వెతుక్కుంది, దొరికింది కాలేజీ అమ్మాయిలు. అంటే పదకొండేళ్ల పిల్ల ఇరవయ్యేళ్ల వాళ్లతో, అదీ ఫిల్టర్ వేసిన వాళ్లతో పోల్చుకుంటోంది. ఇది మీరు చెప్పకండి, వయసులు లెక్కపెడుతూ తనే పట్టుకోనివ్వండి.

తర్వాత ఒక వారం పాటు ఫోను చూసేముందు, చూశాక మనసెలా ఉందో పదికి మార్కులు వేయమనండి. డ్యాన్స్ రీల్స్‌కి 6 నుంచి 6, మేకప్ రీల్స్‌కి 6 నుంచి 3 అని వస్తే, వేటికి Not interested నొక్కాలో తనకే తెలుస్తుంది. ఫోను లాక్కుంటే స్నేహితురాలి ఫోనులో చూస్తుంది, మీకు చెప్పదు.

4. ఇంట్లో ఏం చెప్పాలో పాపనే అడిగి అమ్మతో మాట్లాడండి. ఓణీల ఫంక్షన్ ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేముందు పాపను అడగాలి. ‘ఎంత లావైపోయిందో’ అనే చుట్టాలను అమ్మే ఆపాలి.

5. రహస్యంగా ఉంచుతానని మాటివ్వకండి. భోజనం మానేస్తున్నా, తిన్నది కక్కుకుంటున్నా, చేయి కోసుకుంటున్నా అమ్మానాన్నలకు చెప్పి డాక్టరు దగ్గరికి పంపాలి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. పెద్ద వయసు వాళ్లు ఫొటోలు అడుగుతున్నారా అని నెమ్మదిగా అడగండి, ముందే ఎదిగిన పిల్లలకు ఈ బెడద ఎక్కువ. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చైల్డ్‌లైన్ 1098 కూడా ఉంది. అందుకే మొదటి రోజే ఇలా అనండి: ‘నీకు ప్రమాదం ఉందనిపిస్తే నేను ఇంకొకరికి చెప్పాలమ్మా, కానీ ముందు నీకు చెప్పాకే.’