క్వినోవా చేదు లేకుండా, ఓట్స్ జిగురు కాకుండా వండటం ఎలా?

గంజి వార్చి అన్నం వండటం మనకు తెలిసిన పద్ధతే. క్వినోవాకూ ఆ పద్ధతే బాగా కుదురుతుంది. జాగ్రత్తపడాల్సింది దానికి ముందు, కడిగేటప్పుడు.

క్వినోవా గింజ పైన సాపోనిన్ అనే పదార్థం పొరలా ఉంటుంది. చేదంతా దానిదే. నీళ్లు పోసి చేత్తో రుద్దితే సబ్బు నురగలా తేలుతుంది. బియ్యంలా ఒకసారి కడిగి వదిలేయకుండా, నురగ రావడం ఆగేదాకా నీళ్లు మార్చండి. మామూలుగా మూడు నాలుగు సార్లు పడుతుంది. తర్వాత ఒక గింజ నమిలి చూడండి, నాలుకకు చేదు తగిలితే ఇంకోసారి కడగాలి. చిల్లుల గిన్నెలో పోస్తే గింజలు నీళ్లతో పాటే జారిపోతాయి కాబట్టి సన్నటి జాలిలో గానీ పలచటి శుభ్రమైన గుడ్డలో గానీ వడకట్టండి.

ఇక ఎసరు. కప్పు క్వినోవాకు ఐదారు కప్పుల నీళ్లు, కాస్త ఉప్పు వేసి మరిగించండి. గింజలు వేసి పన్నెండు నిమిషాలు ఉడకనిచ్చి, ఒకటి తీసి చూడండి. గింజ నిగనిగలాడుతూ, చుట్టూ తెల్లటి దారంలాంటి తోక విడివడితే ఉడికినట్టే. వెంటనే గుడ్డలో వార్చి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, మళ్లీ అదే గిన్నెలో వేసి మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. మిగిలిన కాస్త చేదు కూడా నీళ్లతో పోతుంది.

వార్చడం ఇష్టం లేకపోతే కప్పుకు ఒకటిముప్పావు కప్పుల నీళ్లు చాలు. మరిగాక సిమ్‌లో మూతపెట్టి పదిహేను నిమిషాలు ఉంచాలి, మధ్యలో కలపకూడదు. కడిగిన నీళ్లు గింజల్లో నిలిచిపోతే ఈ కొలత తప్పి ముద్దవుతుంది. పులిహోరకైతే పళ్లెంలో పరిచి చల్లార్చి, దగ్గరగా ఉడికించిన చింతపండు గుజ్జు కలపండి. పులుసు పలచగా ఉంటే పొడిపొడిగా వండిన క్వినోవా కూడా మెత్తబడిపోతుంది.

ఓట్స్‌ను మాత్రం కడగొద్దు. అవి ముందే ఆవిరి పట్టి అణిచినవి, నీళ్లు తగిలితే జిగురొస్తుంది. ఉప్మాకు ఇన్‌స్టంట్ రకం కాకుండా మందపాటి రేకులు తీసుకుని, నూనె లేకుండా ఐదు నిమిషాలు వేయించండి. పోపు, కూరముక్కలు మగ్గాక కప్పు ఓట్స్‌కు ముప్పావు కప్పు నీళ్లు పోసి, మరిగాక ఓట్స్ వేయండి. ఒకటి రెండుసార్లు మాత్రమే తిప్పి, రెండు నిమిషాలకే పొయ్యి ఆపి మూతపెట్టండి. ఎక్కువ కలిపేకొద్దీ వాటిలోని బీటాగ్లూకాన్ అనే పీచు బయటికొచ్చి బంకగా మారుస్తుంది. జావకు ఆ జిగురే కావాలి. అప్పుడు కప్పుకు రెండున్నర కప్పుల నీళ్లు పోసి, కలుపుతూనే ఉండండి.

ఓట్స్ చేదుగా ఉన్నాయంటే కారణం వేరు. వాటిలోని కొవ్వు పాతబడితే చేదెక్కుతుంది. మన తేమ వాతావరణంలో విప్పిన ప్యాకెట్‌ను గాలి చొరని డబ్బాలో పోయాలి. కాలం చెల్లిన నూనె వాసన వస్తే కడిగినా పోదు, పారేయడమే.