గ్రే కార్డు పెట్టినా ముఖం నీలంగా వస్తోందా? కార్డు ఎటు చూస్తోందో చూడండి

ఇంట్లో ఫంక్షన్. పైన పసుపు బల్బులు, పక్కన కిటికీలోంచి పగటి వెలుగు. గ్రే కార్డు పట్టించి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ చేశారు. అయినా ఫోటోలో ముఖం నీలంగానో నారింజ రంగులోనో వస్తోంది. ఒంగోలు, కావలి వైపు కొత్తగా కెమెరా పట్టిన కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. చాలామంది వెంటనే కార్డు నకిలీదనుకుంటారు, లేకపోతే కెమెరా పాడైందనుకుంటారు. అంత దూరం వెళ్ళక్కర్లేదు.

మొదట చూడాల్సింది

కెనాన్‌లో కార్డు ఫోటోను మెనూలో ఎంచుకుంటే పని సగమే అయినట్టు. ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్ మోడ్‌ను కూడా కస్టమ్ గుర్తుకు మార్చాలి. మార్చకపోతే కెమెరా పాత మోడ్‌లోనే తీస్తూ పోతుంది. నికాన్‌లో PRE కొలత తీసుకున్నాక Gd అని వచ్చిందో, no Gd అని వచ్చిందో చూడాలి. రెండోది వస్తే వెలుగు మరీ ఎక్కువో తక్కువో అయిందని అర్థం, కొలత మళ్ళీ తీసుకోవాలి. నిన్నటి ఫంక్షన్ సెట్టింగ్ ఇంకా అలాగే ఉందేమో కూడా చూసుకోండి. ఫోటోలు ఫ్లాష్‌తో తీయబోతుంటే కార్డు ఫోటో కూడా ఫ్లాష్‌తోనే తీయాలి. ఇదంతా అర నిమిషం పని. దయచేసి దాటేయకండి, నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే

అసలు దొంగ కార్డు కోణం. కార్డు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అది ఎటు తిరిగి ఉంటే అటు నుంచి వచ్చే వెలుగే దాని మీద పడుతుంది. ఒకే రంగు వెలుగు ఉన్నచోట కార్డు కాస్త వంగితే పెద్ద నష్టం లేదు. కార్డు కొంచెం నల్లబడుతుందేమో గానీ దాని రంగు మారదు. స్టూడియోలోనో ఆరుబయటో నేర్చుకున్నవాళ్ళకు అందుకే ఈ సంగతి తట్టదు. కానీ పైనుంచి పసుపు, పక్కనుంచి నీలం వచ్చే గదిలో ఒక్కో దిక్కుకు ఒక్కో రంగు ఉంటుంది. కార్డు ఏ దిక్కు చూస్తే కెమెరా ఆ దిక్కు రంగును కొలిచి, దాన్నే బూడిద రంగుగా మారుస్తుంది.

ఒక కేసు చెప్తాను. ఒంగోలులో పాత మిద్దె ఇల్లు, ఉదయం పూట పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. అమ్మాయి పీట మీద కెమెరా వైపు తిరిగి కూర్చుంది. ఎడమ పక్క వసారాలోకి తెరుచుకునే పెద్ద కిటికీ. దానిలోంచి ఎండ నేరుగా రావడం లేదు, నీడ వెలుగే వస్తోంది. అంటే మామూలు పగటి వెలుగు కన్నా ఇంకాస్త నీలం. పైన రెండు పసుపు బల్బులు. అమ్మాయి కార్డును ఒళ్ళో పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకుంది, కార్డు ముఖం పైకప్పు వైపు ఉంది. దాని మీద పడింది దాదాపు అంతా బల్బు వెలుగే. రా ఫైలు కంప్యూటర్‌లో తెరిచి ఆ కార్డు మీద నొక్కితే 3300 కెల్విన్ చూపించింది. అదే కార్డును ముఖం పక్కన నిలువుగా, కెమెరా వైపు చూసేలా పట్టించి తీసిన ఫోటోలో 4700 వచ్చింది. ముఖం మీద నిజంగా పడుతున్నది ఈ రెండో వెలుగు. 3300కి సెట్ చేసిన కెమెరా పసుపును తగ్గించడానికి నీలం కలుపుతుంది, కిటికీ వెలుగు తగిలిన చెంప ఇంకా నీలమవుతుంది. పైగా నలుగు పెట్టాక ముఖానికి పసుపు ఉంటుంది. ఆ పసుపు పూతదో, లైటుదో చిన్న స్క్రీన్ మీద కంటితో తేల్చలేం.

గుర్తు పట్టడం ఇలా. ముఖం నీలంగా వస్తే, ముఖం కన్నా కార్డుకు బల్బు వెలుగు ఎక్కువ తగిలింది. ముఖం నారింజ రంగులో వస్తే కార్డు కిటికీ వైపు ఎక్కువ తిరిగింది. నమ్మకం కుదరకపోతే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో కాకుండా పగటి వెలుగు గుర్తు మీద పెట్టి లైవ్ వ్యూ ఆన్ చేయండి. కార్డును ముఖం ఉన్నచోటే ఉంచి మెల్లగా పైకి, కిటికీ వైపుకు, కెమెరా వైపుకు తిప్పించండి. స్క్రీన్ మీద దాని రంగు మారుతున్నది కనిపిస్తుంది. మార్పు స్పష్టంగా ఉంటే ఆ గదిలో కోణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సరిచేయాలంటే కార్డును గడ్డం కింద నిలువుగా, ముఖం ఎటు చూస్తుంటే అటే చూసేలా పట్టించండి. పట్టుకునేవాళ్ళు కిటికీకి అడ్డం రాకూడదు. ఎర్ర పట్టుచీరతో మరీ దగ్గరగా వంగినా ఆ ఎరుపు కార్డు మీద పడుతుంది. కొలిచే భాగం నిండా కార్డే కనిపించేలా దగ్గరికి వెళ్ళి తీయండి, ఫోకస్ దొరక్కపోతే మాన్యువల్‌లో పెట్టండి. కెమెరా నీడ గానీ మీ నీడ గానీ కార్డు మీద పడకుండా చూసుకోండి. రా ఫైల్స్ తీసి తర్వాత సరిచేస్తాం అనేవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది, తప్పుడు కోణంలో ఉన్న కార్డు మీద నొక్కితే కంప్యూటర్ కూడా అదే తప్పు చేస్తుంది.

కోణం సరిచేసినా ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు

దీన్ని ఏ కార్డూ సరిచేయదు. వైట్ బ్యాలెన్స్ ఫోటో మొత్తానికి ఒకే దిద్దుబాటు చేస్తుంది, చెంపకొకటి చేయలేదు. ఇక్కడ మార్చాల్సింది వెలుగునే. పగలైతే బల్బులు ఆపేయమని ఇంటివాళ్ళను అడగండి, ఐఎస్ఓ పెంచుకోండి. పై ఒంగోలు కేసులో చివరికి చేసింది అదే, బల్బులు ఆపి కార్డు మళ్ళీ కొలిచాక రెండు చెంపలూ ఒకే రంగులోకి వచ్చాయి. వీడియో వాళ్ళకు లైటు కావాలి, ఆపడానికి వీల్లేదు అంటే 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు సంచిలో ఉంచుకోండి. ఏ కరెంటు సామాన్ల షాపులోనైనా దొరుకుతాయి. పసుపు బల్బులు తీసి అవి పెడితే నీడ వెలుగుకు చాలా దగ్గరగా వస్తాయి. బల్బు మార్చినా, మబ్బు పట్టినా, మనిషిని కిటికీ దగ్గర నుంచి లోపలికి జరిపినా కార్డు మళ్ళీ పెట్టాల్సిందే.

ఇంకొన్ని

నలుగు చేతులతో పట్టుకుంటే కార్డుకు పసుపు అంటుకుంటుంది. ఆ మరక మీద కొలిస్తే ఫోటోలన్నీ నీలం వైపు పోతాయి, కాబట్టి అంచులు మాత్రమే పట్టుకోమనండి. కార్డు లేదని తెల్ల కాగితం పెట్టొద్దు. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనం పగటి వెలుగులో నీలంగా వెలుగుతుంది, బల్బు కింద వెలగదు. రెండూ కలిసిన గదిలో అది కొలతకు పనికిరాదు.

కార్డు ఫోటో తీసిన ప్రతిసారీ కొలత వేరేగా వస్తుంటే ట్యూబ్‌లైట్లను అనుమానించండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ వెలుగు సెకనుకు 100 సార్లు ఎక్కువా తక్కువా అవుతుంది. కార్డు ఫోటో 1/50 లేదా 1/100 షట్టర్‌తో తీస్తే తేడా పోతుంది.

సెన్సార్ చెడిపోవడం, లెన్స్ రంగు మారడం లాంటివి చాలా అరుదు. ఎండలో కార్డు పెట్టి తీసినా రంగు తేడా వస్తేనే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళండి.