బాక్సు మీద 65 వాట్లు, ఫోన్‌లోకి ఎన్ని? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా ఛార్జర్ కొనబోతే దుకాణంలో మాట ఒకటే: "అన్నా, గిది 65 వాట్లది, ఏ ఫోన్‌కైనా ఫాస్ట్ ఎక్కుతది." ఈ మాటలో సగమే నిజం. ఛార్జర్ 65 వాట్లు ఇవ్వగలదు. అయితే ఎంత తీసుకోవాలో నిర్ణయించేది ఫోను. ఆ నిర్ణయం ఛార్జరూ ఫోనూ ఏ పద్ధతిలో మాట్లాడుకుంటాయన్నదాన్ని బట్టి, మధ్యలో ఉన్న కేబుల్‌ని బట్టి ఉంటుంది.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్, ఫోన్ తీసుకోగలిగే గరిష్ఠం 25 వాట్లు. మార్కెట్‌లో బాగా కనిపించే రకమే ఇది. శామ్‌సంగ్ 25 వాట్ల ఫోన్లు ఈ కోవలోవే. బాక్సులో ఛార్జర్ రాలేదు. ఇంట్లో మూడు ఉన్నాయి: ల్యాప్‌టాప్‌తో వచ్చిన 65 వాట్ల టైప్-సి ఛార్జర్, పాత ఫోన్‌ది 5 వోల్టులు 2 ఆంపియర్ల ఛార్జర్, పీపీఎస్ అనే పద్ధతి ఉన్న 25 వాట్ల ఛార్జర్. వీటిలో ఏది త్వరగా ఎక్కిస్తుంది?

ముందు ఛార్జర్ వెనక చిన్న అక్షరాలు చదవండి

ఛార్జర్ మీద పెద్దగా వేసిన అంకెను వదిలేయండి. అడుగున అవుట్‌పుట్ అని ఉన్న వరుస చూడండి. వెలుతురులో పెట్టి ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద సాధారణంగా ఇలా ఉంటుంది:

```
Output: 5V⎓3A  9V⎓3A  15V⎓3A  20V⎓3.25A
```

65 వాట్లు అనేది చివరి జత లెక్క: 20ని 3.25తో గుణిస్తే 65. ఫోన్ 20 వోల్టులు అడగకపోతే ఆ అంకెతో మనకు పని లేదు. మన ఫోన్ అడిగేది 9 వోల్టులు. అక్కడ ఈ ఛార్జర్ 27 వాట్లు ఇవ్వగలదు. అయినా ఫోన్ 25 తీసుకోదు, 15 దగ్గర ఆగుతుంది. ఎందుకంటే దీని మీద ఈ రెండో వరుస లేదు:

```
PPS: 3.3-11V⎓3A
```

పీపీఎస్ అంటే ఏమిటో తెలియాలంటే ఫోన్ లోపల జరిగేది కొంచెం చూడాలి. లిథియం బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు దాని వోల్టేజి మూడున్నర దగ్గర ఉంటుంది, నిండేకొద్దీ 4.4 వోల్టుల దాకా ఎక్కుతుంది. వేగంగా ఎక్కించే ఫోన్లలో ఛార్జ్ పంప్ అనే చిప్ ఉంటుంది. వచ్చిన వోల్టేజిని సరిగ్గా సగం చేసి, కరెంటును రెట్టింపు చేసి బ్యాటరీకి పంపడం దాని పని. సగం చేయడం తప్ప మరో సర్దుబాటు దానికి చేతకాదు. కాబట్టి బ్యాటరీ 4 వోల్టుల దగ్గర ఉంటే ఛార్జర్ నుంచి 8 కంటే కొద్దిగా ఎక్కువ, 4.2 అయితే 8.4 పైన కొద్దిగా రావాలి. పీపీఎస్ ఉన్న ఛార్జర్‌ను ఫోన్ 0.02 వోల్టుల మెట్లలో "కొంచెం పెంచు, కొంచెం తగ్గించు" అని అడుగుతూ ఉంటుంది, ఛార్జర్ వింటుంది. పీడీ అంటే టైప్-సి ఛార్జర్ల ఉమ్మడి పద్ధతి. పీపీఎస్ లేని పీడీ ఛార్జర్‌కు సాధారణంగా ఉన్నవి నాలుగు మెట్లే: 5, 9, 15, 20. తొమ్మిదికి తొమ్మిదే ఇస్తుంది. అప్పుడు ఛార్జ్ పంప్ పక్కకు తప్పుకుంటుంది, పాత పద్ధతి కన్వర్టర్ పని చేయాలి. అది ఫోన్ లోపలే వేడి పుట్టిస్తుంది, అందుకే ఫోన్ తనంతట తాను 15 వాట్లకు దిగుతుంది.

సొంత పద్ధతులున్న ఫోన్ల సంగతి వేరు. ఒప్పో, వన్‌ప్లస్, రియల్‌మీల సూపర్‌వూక్ ఫోన్లు 80 వాట్లు తీసుకునేటప్పుడు వోల్టేజి 11 దాటదు, కరెంటు మాత్రం 7.3 ఆంపియర్ల దాకా పోతుంది. మామూలు పీడీ ఛార్జర్‌కు ఆ భాష రాదు. అందులో పెడితే చాలా మోడళ్లు ఇరవై ముప్పై వాట్లు దాటవు. కొత్తవాటిలో కొన్ని మేలు. అలాంటి ఫోన్‌కు ఆ కంపెనీ ఛార్జర్, ఆ కంపెనీ కేబుల్ రెండూ కావాలి, ఒక్కటి సరిపోదు.

తర్వాత కేబుల్

కేబుల్ విషయంలో జనం డబ్బు ఎక్కువ పోసేది అవసరం లేని చోట, పిసినారితనం చూపేది అవసరమైన చోట. మామూలు సి-టు-సి కేబుల్ 3 ఆంపియర్లు మోస్తుంది. మన 25 వాట్ల ఫోన్‌కు 9 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల లోపే కావాలి, కాబట్టి "100 వాట్ల కేబుల్" కొంటే ఒక్క నిమిషం కూడా కలిసిరాదు. అదే 45 వాట్ల శామ్‌సంగ్ ఫోన్ అయితే 10 వోల్టుల దగ్గర 4.5 ఆంపియర్లు అడుగుతుంది. దానికి లోపల చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ తప్పనిసరి. ఛార్జర్ ముందు ఆ చిప్‌ను అడుగుతుంది, జవాబు రాకపోతే 3 ఆంపియర్లు దాటనివ్వదు. ఫోన్ కాలిపోదు, ఏ హెచ్చరికా రాదు, నెమ్మదిగా ఎక్కుతుంది అంతే.

పాత రకం ఛార్జర్‌తో వాడే సన్న కేబుల్ దగ్గరే అసలు నష్టం. 28 గేజ్ రాగి తీగకు మీటరుకు 0.21 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. కరెంటు వెళ్లడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఇంకొకటి, మొత్తం 0.42. దీంట్లో 2 ఆంపియర్లు పారితే 0.84 వోల్టులు దారిలోనే పోతాయి. 5 వోల్టుల ఛార్జర్ నుంచి ఫోన్ దగ్గరికి 4.16 మాత్రమే చేరుతుంది. వోల్టేజి అంత పడిపోతుంటే ఫోన్ కరెంటు తగ్గించుకుంటుంది. 4.5 వోల్టుల దగ్గర నిలవాలంటే 1.2 ఆంపియర్లకు దిగాలి, అంటే సుమారు 5.4 వాట్లు. ఛార్జర్ మీద మాత్రం 10 వాట్లని ఉంటుంది. రెండు మీటర్ల కేబుల్ అయితే నష్టం రెట్టింపు. మంచం దాకా వస్తుందని పొడవుది కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అదే కేబుల్‌లో 9 వోల్టులు పంపితే నష్టం వోల్టుల్లో అంతే, కానీ తొమ్మిదిలో 0.8 పోవడం ఐదులో 0.8 పోయినంత దెబ్బ కాదు. ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతుల్లో చాలావాటిలో వోల్టేజి పెంచడానికి ఒక కారణం ఇదే. కొన్ని కేబుళ్ల మీద తీగ మందం అచ్చు వేస్తారు:

```
28AWG/1P+24AWG/2C
```

ఇందులో రెండో ముక్కే కరెంటు మోసే తీగలది. అంకె చిన్నదైతే తీగ లావు. 24 గేజ్ అయితే మీటరుకు నష్టం ఇందాకటి దానిలో సగం కంటే తక్కువ. అచ్చు లేకపోతే పొట్టిది, కొంచెం బిరుసుగా ఉన్నది తీసుకోండి. పై తొడుగు లావుగా ఉంటే లోపల రాగి లావుగా ఉందని కాదు.

20 నుంచి 50 శాతం పరీక్ష

ఫోన్ తెర మీద "ఫాస్ట్ ఛార్జింగ్" అని వస్తే సరిపోదు. 15 వాట్లకు కూడా ఆ మాటే వస్తుంది, శామ్‌సంగ్‌లో 25కు "సూపర్ ఫాస్ట్" అని వస్తుంది. నిజం తెలియాలంటే గడియారం పెట్టండి.

ఫోన్‌ను 20 శాతం కిందికి దిగనివ్వండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, పౌచ్ తీసి, తెర ఆర్పి, ఫ్యాను గాలికి బల్ల మీద పెట్టి ఛార్జింగ్‌కు తగిలించండి. అంకె 19 నుంచి 20కి మారిన క్షణం నుంచి 50కి మారిన క్షణం దాకా నిమిషాలు రాసుకోండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో నిండే శక్తి 5 ఆంపియర్-గంటలను 3.85 వోల్టులతో గుణిస్తే సుమారు 19.25 వాట్-గంటలు. అందులో 30 శాతం 5.8 వాట్-గంటలు. నిమిషాల్లోకి మారిస్తే లెక్క ఇలా తేలిపోతుంది:

```
W = 346 ÷ నిమిషాలు
```

వేరే బ్యాటరీ అయితే ఎంఏహెచ్‌ను 0.069తో గుణించి, 346 చోట ఆ అంకె వాడండి.

మన మూడు ఛార్జర్లతో ఫలితాలు ఇలా వస్తాయి. 25 వాట్ల పీపీఎస్ ఛార్జర్‌తో 16 నిమిషాలు, అంటే బ్యాటరీలోకి 21.6 వాట్లు. మిగతాది వేడిగా పోయింది, ఇది బాగున్నట్టే. 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్‌తో 27 నిమిషాలు, 12.8 వాట్లు. పాత ఛార్జర్, సన్న కేబుల్‌తో గంటా పన్నెండు నిమిషాలు, 4.8 వాట్లు. పెద్ద అంకె ఉన్న ఛార్జర్ చిన్నదానికంటే 11 నిమిషాలు వెనకబడింది, అదీ 30 శాతానికే.

ఫలితం తక్కువ వస్తే ఒకసారికి ఒక్కటే మార్చండి. ఛార్జర్ అలాగే ఉంచి కేబుల్ మార్చండి. నిమిషాలు తగ్గితే దోషి కేబుల్. తగ్గకపోతే ఛార్జర్ మార్చి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.

పరీక్ష 50 దగ్గరే ఎందుకు ఆపాలి? బ్యాటరీ గరిష్ఠ వోల్టేజికి చేరువైన తర్వాత ఫోన్ కరెంటు తగ్గిస్తూ పోతుంది. చివరి 20 శాతంలో 25 వాట్ల ఛార్జరైనా 80 వాట్ల ఛార్జరైనా తేడా బాగా కరిగిపోతుంది. బాక్సు మీద ఉన్న వాట్లు మొదటి భాగంలో కాసేపు అందే గరిష్ఠం మాత్రమే. 19.25ని 25తో భాగిస్తే 46 నిమిషాలు వస్తుంది కదా అని ఫుల్ ఛార్జ్ కోసం ఎదురుచూస్తే గంట దాటుతుంది. పొద్దున బస్సుకు వెళ్లేవాళ్లకు 80 దగ్గర తీసేయడమే లాభం.

ఏప్రిల్, మే లెక్క వేరు

లిథియం సెల్‌ను ఛార్జ్ చేయడానికి పై హద్దు సాధారణంగా 45 డిగ్రీలు. ఎండాకాలం నల్లగొండలో కొన్ని రోజులు బయటే అంత ఉంటుంది. రేకుల కప్పు కింద, పరుపు మీద, పౌచ్‌లో పెట్టిన ఫోన్ ఛార్జింగ్ వేడితో కలిసి ఆ హద్దుకు త్వరగా చేరుతుంది. ఫోన్ అంతదాకా ఆగదు, ముందే వాట్లు దించేస్తుంది. మంచి ఛార్జర్‌తో రాత్రి 16 నిమిషాలు పట్టింది మధ్యాహ్నం అరగంట పడితే ఛార్జర్ పాడైనట్టు కాదు. రాత్రి మళ్లీ పరీక్షించాకే దుకాణానికి వెళ్లండి.

అన్నీ సరిగ్గా ఉండి రాత్రి కూడా నెమ్మదిగా వస్తుంటే ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి. జేబులోని నూలు పోగు అడుగున గట్టిపడి ఉంటుంది, ప్లగ్ పూర్తిగా లోపలికి పోదు. ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగండి, పిన్నీసు వాడొద్దు. రెండు పోర్టుల ఛార్జర్ అయితే రెండోదాంట్లో ఏదీ లేకుండా చూడండి, ఇంకో ఫోన్ పెట్టగానే చాలా ఛార్జర్లు మొదటిదానికి ఇచ్చేది కోసేస్తాయి.

కొత్తది కొనేటప్పుడు దుకాణంలోనే వెనక పీపీఎస్ వరుస చూడండి. దాంతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ నంబరు ఉందో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. అక్కడ కనిపించే తయారీదారు, బ్రాండ్ పేర్లలో ఏదీ ఛార్జర్ మీద ఉన్న పేరుతో కలవకపోతే తిరిగి ఇచ్చేయండి.