బ్యాంకులో డబ్బుంది, వడ్డీ మాత్రం లేదు: ఆడిట్ కమిటీ సభ్యులకు సమస్య - పరిష్కారం

లిస్టెడ్ కంపెనీలో స్వతంత్ర డైరెక్టరుగా చేరి, మొదటిసారి ఆడిట్ కమిటీలో కూర్చోబోయే వారి కోసం ఇది రాస్తున్నాను. కమిటీ ముందుకు వచ్చే అంశాలు చాలా ఉంటాయి. నేను ఒక్క జబ్బు గురించే చెబుతాను: లెక్కల్లో ఉండి బ్యాంకులో లేని డబ్బు. హైదరాబాద్‌లో లెక్కల వృత్తిలో ఉన్న మాకు దీన్ని మరిచిపోయే వీలు లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ ప్రకారం, అంతకుముందు సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. లేని డబ్బు మీద రావాల్సిన వడ్డీ అంటూ మరో 376 కోట్లు కూడా రాసుకున్నారు.

లక్షణం: డిపాజిట్లు భారీగా ఉన్నాయి, అయినా ఏదో తేడాగా ఉంది

ఆ తేడా రకరకాలుగా బయటపడుతుంది. చేతిలో వందల కోట్లు పెట్టుకుని కంపెనీ ఎక్కువ వడ్డీకి అప్పు తెస్తుంది. డివిడెండ్ పెంచమంటే తటపటాయిస్తుంది. క్వార్టర్ చివరి రోజున నిల్వ పెరిగి, వారం తిరక్కుండానే కరిగిపోతుంది. వీటిలో ఏ ఒక్కటీ మోసానికి రుజువు కాదు. ప్రతిదానికీ సీఎఫ్‌ఓ దగ్గర ఒక జవాబు ఉంటుంది, ఆ జవాబు నిజమూ కావచ్చు. అందుకే మాటల మీద కాకుండా, కంపెనీ చేతిలో లేని ఒక కాగితం మీద ఆధారపడాలి.

ఆ కాగితం టీడీఎస్ వివరం. కంపెనీ డిపాజిట్ మీద వడ్డీ జమ చేసేటప్పుడు బ్యాంకు సాధారణంగా పది శాతం పన్ను కోసి ఆదాయపు పన్ను శాఖకు కడుతుంది. అది కంపెనీ పాన్ మీద, మనం 26ఏఎస్ అని పిలుచుకునే పట్టికలో నమోదవుతుంది. ఆ పట్టికను నింపేది కంపెనీ కాదు.

ఒక కంపెనీ నాలుగు క్వార్టర్ల చివరా 600 కోట్ల డిపాజిట్లు చూపించిందనుకుందాం. రేటు ఏడు శాతం. ఏడాదికి వడ్డీ 42 కోట్లు రావాలి, లాభనష్టాల ఖాతాలో 40 కోట్లు ఉంది. పైపైన చూస్తే లెక్క సరిపోయింది, చాలా కమిటీలు ఇక్కడే ఆగిపోతాయి. ఇప్పుడు 26ఏఎస్ తెప్పించండి. 40 కోట్ల వడ్డీకి దాదాపు 4 కోట్ల టీడీఎస్ కనిపించాలి. అక్కడ 1.1 కోట్లే ఉందనుకోండి. అంటే బ్యాంకులు ఇచ్చిన వడ్డీ 11 కోట్లే. ఏడు శాతం చొప్పున 11 కోట్లు రావాలంటే అసలు 157 కోట్లు ఉంటే చాలు. మిగతా 440 కోట్ల పైచిలుకు ఎక్కడుందన్నదే మీ ప్రశ్న.

ఈ పరీక్షకు హద్దులున్నాయి. విదేశీ శాఖల్లోని డిపాజిట్లు ఈ పట్టికలో కనిపించవు. లిక్విడ్ ఫండ్లలో పెట్టిన డబ్బుకు వడ్డీ ఉండదు. వడ్డీ జమయ్యే తేదీని బట్టి కొంత తేడా సహజంగానే వస్తుంది. కానీ మూడొంతుల వడ్డీకి టీడీఎస్ లేకపోవడాన్ని తేదీల తేడాతో సర్దిచెప్పలేరు.

కారణం: బ్యాంకు జవాబు కంపెనీ చేతుల మీదుగా రావడం

నిల్వ నిజమేనా అని ఆడిటర్ బ్యాంకుకు లేఖ రాసి నిర్ధారణ తెప్పించుకుంటాడు. లేఖ ఆడిటరే పంపాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. సత్యం విషయంలో ఆడిటర్లు ఈ లేఖలు పంపే పనినీ, జవాబులు అందుకునే పనినీ పూర్తిగా కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో తేల్చింది. డబ్బు ఉందని చెబుతున్నవాళ్లే డబ్బు ఉందన్న సాక్ష్యాన్నీ తెచ్చి ఇచ్చారన్నమాట.

పరిష్కారం

నేనున్న ఒక కమిటీలో ఆడిట్ భాగస్వామిని ఇలా అడిగాను: "సార్, బ్యాంకు కన్ఫర్మేషన్లు మీకు ఎలా వచ్చాయి?" "అన్నీ వచ్చాయండీ, ఫైల్లో ఉన్నాయి" అన్నారు. "వచ్చాయా లేదా అని కాదండీ, ఏ దారిన వచ్చాయి?" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రెండు బ్యాంకులవి కంపెనీ ఫైనాన్స్ విభాగం నుంచి స్కాన్ కాపీలుగా వచ్చాయని తేలింది. ఆ రెండింటికీ ఆడిటరే మళ్లీ లేఖ రాసి, బ్యాంకు అధికారిక మెయిల్ నుంచి జవాబు తెప్పించాకే ఖాతాలను బోర్డుకు సిఫారసు చేశాం. అందులో తప్పేమీ బయటపడలేదు. అయినా ఆ పది రోజులు వృథా అయ్యాయని నేను అనుకోను.

లేఖలో నిల్వతో పాటు, ఆ డిపాజిట్ మీద లీన్ ఉందా, ఉంటే ఎవరి అప్పు కోసం అని తప్పనిసరిగా అడిగించండి. డబ్బు నిజంగానే ఉండి, ప్రమోటర్ల మరో కంపెనీ అప్పుకు తాకట్టులో ఉంటే అది మీ కంపెనీకి ఉన్నా లేనట్టే. తర్వాత యాజమాన్యం ఎవరూ లేకుండా ఆడిటర్‌తో విడిగా కూర్చోండి. జవాబులు తేలకపోతే, బయటి నిపుణుల సలహా తీసుకునే అధికారం, రికార్డులన్నీ చూసే అధికారం కంపెనీల చట్టం 177వ సెక్షన్ కింద కమిటీకి ఉన్నాయి. దానికి ఎండీ అనుమతి అక్కర్లేదు.

లక్షణం: ఆ డబ్బుతో ప్రమోటర్ల కంపెనీని కొనాలంటున్నారు

ఈ లక్షణాన్ని పైదానితో కలిపి చదవాలి. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని సుమారు 160 కోట్ల డాలర్లకు కొనేందుకు ఒప్పుకుంది. స్వతంత్ర డైరెక్టర్లెవరూ వ్యతిరేకంగా ఓటు వేయలేదు. మదుపరుల ఆగ్రహంతో కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు నింపడానికి అదే చివరి ప్రయత్నమని రాజు తన లేఖలోనే రాశారు. కొనుగోలు పూర్తయితే "డబ్బు ఖర్చయింది" అని రాసేయవచ్చు, ఇక నగదు ఎక్కడని అడిగేవారుండరు. కాబట్టి సంబంధిత పక్షంతో పెద్ద కొనుగోలు అజెండాలోకి వస్తే, ధర సరైనదేనా అన్నదానికన్నా ముందు ఆ నగదు నిజంగా ఉందా అని అడగండి.

కారణం: కాగితాలు ఆలస్యంగా రావడం

అజెండా నోట్స్ సమావేశానికి ఏడు రోజుల ముందు రావాలి. అయితే షేరు ధరను ప్రభావితం చేసే రహస్య సమాచారానికి మినహాయింపు ఉంది: డైరెక్టర్లు సమ్మతిస్తే దాన్ని తక్కువ వ్యవధిలో ఇవ్వవచ్చు. ఈ సమ్మతిని చాలా కంపెనీలు ఆర్థిక సంవత్సరం మొదటి సమావేశంలోనే గంపగుత్తగా తీసేసుకుంటాయి. సంతకం పెట్టిన సంగతి మనకు గుర్తుండదు. డిసెంబరులో 200 పేజీల వాల్యుయేషన్ సమావేశం రోజు పొద్దున చేతికొచ్చాక గుర్తొస్తుంది.

పరిష్కారం

ఆ సమ్మతి నుంచి సంబంధిత పక్షాల లావాదేవీలను ఏప్రిల్‌లోనే మినహాయించండి. 2022 జనవరి నుంచి లిస్టెడ్ కంపెనీల్లో ఈ లావాదేవీలను ఆడిట్ కమిటీలోని స్వతంత్ర డైరెక్టర్లే ఆమోదించాలి, అంటే భారం మొత్తం మీ మీదే. వాల్యుయర్‌ను కమిటీయే ఎంచుకోవాలి, లెక్కకు ఆధారమైన అంచనాలు ఎవరిచ్చారో రాయించుకోవాలి. లావాదేవీ నిర్దేశిత పరిమితి దాటితే వాటాదారుల ఓటు కూడా కావాలి, అందులో సంబంధిత పక్షాలెవరూ అనుకూలంగా ఓటు వేయడానికి వీల్లేదు.

లక్షణం: మీరు అడిగారు, మినిట్స్‌లో లేదు

"సభ్యులు చర్చించి ఆమోదించారు" అని ఒకే వాక్యం ఉంటుంది. డ్రాఫ్ట్ మినిట్స్ పదిహేను రోజుల్లో వస్తాయి, అక్కడి నుంచి మీకు ఏడు రోజుల గడువుంటుంది. మీ ప్రశ్నను, వచ్చిన జవాబును, ఒప్పుకోకపోతే ఆ సంగతిని అదే వారంలో రాతపూర్వకంగా చేర్పించండి. మీకు తెలిసి, మీ సమ్మతితో జరిగినదానికీ, మీరు తగిన శ్రద్ధ చూపనందువల్ల జరిగినదానికీ 149వ సెక్షన్ మిమ్మల్ని బాధ్యులను చేస్తుంది. శ్రద్ధ చూపారని చెప్పే సాక్ష్యం ఆ మినిట్సే.

అన్నీ చేశాక కూడా జవాబు రాకపోతే రాజీనామా ఒక దారి. అప్పుడు "వ్యక్తిగత కారణాలు" అని రాయకండి. మీ లేఖలోని కారణాలను కంపెనీ ఏడు రోజుల్లో స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలపాలి, ఇంకే ముఖ్య కారణమూ లేదని మీరు ధ్రువీకరించాలి కూడా. 440 కోట్ల మీద జవాబు రాలేదన్నది కారణమైతే, ఆ అంకెనే లేఖలో రాయండి.