చంద్రుడి చుట్టూ రంగులు, శనికి చెవులు: తొలి టెలిస్కోపుల సమస్యలు, పరిష్కారాలు

1608 అక్టోబర్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన కళ్లద్దాల తయారీదారు హాన్స్ లిప్పర్‌హై, దూరపు వస్తువులను దగ్గరగా చూపే గొట్టానికి పేటెంట్ అడిగాడు. అది మూడు రెట్లు పెద్దగా చూపేది. ఇటలీలోని పదువాలో లెక్కల పాఠాలు చెప్పే గెలీలియో 1609 చివరికల్లా ఇరవై రెట్లకు చేరాడు. మూడు నుంచి ఇరవైకి వెళ్లే దారిలో ఎదురైన చిక్కులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆప్టికల్ షాపులో +1 పవర్ కటకం, దానికి తోడు 5 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న భూతద్దం తెచ్చుకుని గొట్టం చేసుకుంటే, అందులో చాలావరకు మీ కళ్లకే కనిపిస్తాయి. +1 కటకం నాభ్యంతరం, అంటే దూరపు కిరణాలు కలిసే నాభికి కటకం నుంచి ఉన్న దూరం, ఒక మీటరు. మీటరును 5 సెంటీమీటర్లతో భాగిస్తే ఇరవై రెట్లు.

సమస్య 1: ఎంత సర్దినా బొమ్మ స్పష్టంగా కుదరడం లేదు

గొట్టాన్ని ముందుకు వెనక్కు జరుపుతుంటే బొమ్మ ఒక చోట కాస్త తేరుకున్నట్టు ఉంటుంది, కానీ పూర్తిగా తేటపడదు. చుక్కను చూస్తే చుక్కలా కాక, మసక ముద్దలా ఉంటుంది.

కారణం కటకం అంచులో ఉంది. కళ్లద్దంలోంచి చదివేటప్పుడు కంటిపాప ఒక్కోసారి ఆ గాజులో మూడు నాలుగు మిల్లీమీటర్ల భాగాన్నే వాడుకుంటుంది. మిగతా చోట వంపు కాస్త తేడాగా ఉన్నా చదివేవాడికి తెలియదు. టెలిస్కోపు ముందు కటకంగా పెట్టినప్పుడు మాత్రం మొత్తం గాజు ఒకేసారి పనిచేయాలి. గుంట ఉన్న లోహపు పళ్లెంలో ఇసుకలాంటి పొడి వేసి చేత్తో అరగదీసేటప్పుడు, ఆ తర్వాత మెరుగు పెట్టేటప్పుడు, అంచు దగ్గరే వంపు ఎక్కువగా చెడేది. పైగా వంపు గోళంలా కచ్చితంగా కుదిరినా, అంచు గుండా వచ్చే కిరణాలు మధ్య గుండా వచ్చేవాటి కంటే కాస్త ముందే కలుస్తాయి.

పరిష్కారం చాలా చిన్నది: కటకం ముందు మధ్యలో రంధ్రం ఉన్న అట్టముక్క పెట్టడం. ఫ్లోరెన్స్‌లో భద్రపరిచిన గెలీలియో టెలిస్కోపుల్లో ఒకదాని ముందు కటకం 37 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో ఆయన వాడుకున్నది మధ్యలోని 15 మిల్లీమీటర్లే. వెలుగు తగ్గింది, బొమ్మ నిలిచింది. మీ గొట్టానికి కూడా అట్ట పెట్టి, తీసి చూడండి. పెట్టినప్పుడు చుక్క చిన్నదైతే తప్పు అంచులో ఉన్నట్టు. పెట్టినా మారకపోతే గాజులోపలే తేడా ఉండి ఉండాలి. దానికి అట్ట సాయపడదు, వేరే కటకం వెతుక్కోవాల్సిందే. గెలీలియో కూడా అదే చేశాడు. అరవైకి పైగా టెలిస్కోపులు చేయిస్తే, తాను కనుగొన్నవన్నీ చూపగలిగేవి కొన్నే తేలాయని 1610లో ఉత్తరంలో రాసుకున్నాడు.

సమస్య 2: కనిపించిన చుక్క ఆకాశంలో ఉందా, గాజులో ఉందా?

1610 జనవరి 7 రాత్రి గెలీలియోకు గురుగ్రహం పక్కన మూడు చిన్న చుక్కలు ఒకే వరుసలో కనిపించాయి, రెండు తూర్పున, ఒకటి పడమట. మరుసటి రాత్రి మూడూ పడమటికే చేరాయి. 13న నాలుగోది కనిపించింది. ఆ ఏప్రిల్‌లో గెలీలియో తన గొట్టాన్ని బొలోన్యాకు తీసుకెళ్లి పండితులకు చూపిస్తే, చాలామంది ఒప్పుకోలేదు. ఆ అనుమానాన్ని మొండితనం అనుకోవడం తప్పని నా అభిప్రాయం. అప్పటి గాజులో బుడగలు, చారలు మామూలే. కటకాల మధ్య వెలుగు ఎగిరి పడి, లేని చుక్కలను చూపడం ఇప్పటి టెలిస్కోపుల్లో కూడా జరుగుతుంది.

తేల్చుకోవడానికి మూడు పనులు చేయాలి. గొట్టాన్ని దాని ఇరుసు మీద తిప్పండి. చుక్క కూడా తిరిగితే అది గాజులోది. గ్రహాన్ని చూపులో ఒక పక్కకు జరపండి. చుక్క గ్రహంతో పాటు అంతే దూరం జరగకపోతే అది ప్రతిబింబం. చివరగా, మరో ప్రకాశవంతమైన నక్షత్రాన్ని చూడండి. అక్కడా అవే చుక్కలు కనిపిస్తే ఆకాశానిది కాదు. గెలీలియో చుక్కలు గురుడి పక్కనే కనిపించేవి, రాత్రి రాత్రికి చోటు మారేవి, గురుడు కదిలితే వెంటే వెళ్లేవి. గాజులో మచ్చ ఇన్ని పనులు చేయలేదు. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ గెలీలియో చేసిన మరో గొట్టంతోనే చూసి, గురుడి ఉపగ్రహాలైన ఆ చుక్కలు నిజమని ప్రకటించాడు.

సమస్య 3: చంద్రుడి అంచున నీలం, ఊదా రంగులు

కటకం గాజు ఒక్కో రంగును ఒక్కో మేర వంచుతుంది. నీలం దగ్గర కలిస్తే, ఎరుపు కాస్త దూరంలో కలుస్తుంది. ఎరుపుకు సర్దితే నీలం పరుచుకుంటుంది. ఎంత బాగా మెరుగు పెట్టినా ఇది పోదు.

అప్పటివాళ్లకు దొరికిన మార్గం గొట్టాన్ని పొడిగించడం. అదెలా పనిచేస్తుందో చూద్దాం. కటకం వెడల్పు మార్చకుండా నాభ్యంతరం పెంచితే, నాభి దగ్గర రంగుల మరక దాదాపు అంతే వెడల్పు ఉంటుంది. బొమ్మ మాత్రం పెరుగుతుంది. ఒక మీటరు కటకం చంద్రుడిని 9 మిల్లీమీటర్ల బొమ్మగా చూపితే, మూడు మీటర్లకు పైనున్న కటకం 30 మిల్లీమీటర్ల బొమ్మ చేస్తుంది. మరక పెరగలేదు, బొమ్మ పెరిగింది, కాబట్టి మరక ప్రభావం తగ్గింది. కానీ కటకం వెడల్పు కూడా పెంచాలంటే లెక్క కష్టమవుతుంది. వెడల్పు రెట్టింపు కావాలంటే పొడవు నాలుగు రెట్లు కావాలి.

సమస్య 4: శనికి చెవులు ఉన్నట్టు కనిపిస్తోంది

1610 జూలైలో గెలీలియోకు శని మూడు గ్రహాల ముద్దలా కనిపించింది: మధ్యలో పెద్దది, పక్కల రెండు చిన్నవి. 1612లో ఆ చిన్నవి మాయమయ్యాయి. గొట్టం పాడైందేమో అనుకోవడం సహజం. నిజానికి అక్కడ రెండు కారణాలు కలిసి ఉన్నాయి. ఇరవై రెట్ల గొట్టానికి వలయాన్నీ గ్రహాన్నీ విడదీసి చూపే శక్తి లేదు. వలయం చాలా పలచన కావడంతో, సుమారు పదిహేనేళ్లకోసారి మనవైపు అంచు తిప్పినప్పుడు దాదాపు కనబడదు.

డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హ్యుజెన్స్, అన్న కాన్‌స్టాంటైన్‌తో కలిసి స్వయంగా గాజు అరగదీశాడు. 57 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 3.4 మీటర్ల నాభ్యంతరం ఉన్న కటకంతో 1655 మార్చి 25న శని పక్కన చిన్న చుక్కను చూశాడు. అది పదహారు రోజుల్లో శనిని చుట్టి వచ్చే ఉపగ్రహం, తర్వాత టైటాన్ అనే పేరు పెట్టారు. ఆశ్చర్యం ఏమిటంటే, అప్పుడు వలయం దాదాపు అంచున ఉంది, సరిగ్గా కనబడే స్థితిలో లేదు. వేర్వేరు సంవత్సరాల బొమ్మలన్నిటికీ కుదిరే ఆకారం ఏదని ఆలోచించి, గ్రహాన్ని ఎక్కడా తాకని పలచని వలయం అని తేల్చాడు, 1659లో ప్రచురించాడు. కటకం సగం పనే చేసింది.

సమస్య 5: గొట్టం పొడవై ఊగిపోతోంది

ఇప్పటి పోలండ్‌లోని డాన్‌జిగ్‌లో ఖగోళ శాస్త్రవేత్త హెవేలియస్ 150 అడుగుల టెలిస్కోపును స్తంభానికి తాళ్లతో వేలాడదీశాడు. చెక్క వంగేది, గాలికి ఊగేది, కటకాలు ఒకే గీతలో నిలిచేవి కావు. 1684లో హ్యుజెన్స్ మధ్యలో గొట్టమే తీసేశాడు: ముందు కటకం స్తంభం పైన, కంటి కటకం చేతిలో, రెండిటినీ ఒకే గీతలో ఉంచడానికి బిగుతుగా లాగిన దారం.

అంత పొడవు లేకుండా కూడా మంచి పని జరిగింది. రోమ్‌లో కాంపానీ చేసిన కటకాలు పేరుపడ్డవి, వాటిని పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్త కాసీనీ వాడాడు. శని వలయం ఒకటి కాదని, మధ్యలో నల్లటి ఖాళీ ఉందని 1675లో ఆయన గమనించాడు.